హోంవర్క్ ఫోటోలో తీసివేతలు తప్పొస్తే: తప్పు యాడుందో పట్టేదెట్టా, పిల్లలకి మెల్లగా చెప్పేదెట్టా

మీరు రొయ్యల గుంట కాడ ఉన్నా, చీమకుర్తి క్వారీలో షిఫ్ట్‌లో ఉన్నా, సాయంత్రమయ్యేసరికి ఇంటి నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వస్తుంది, కింద వాయిస్‌లో "నాన్నా కరెక్టా కాదా చెప్పు" అని. చాలామంది చేసేది ఏందంటే ఆన్సర్లు చూసేసి "రెండు, మూడు, ఐదు తప్పు, మళ్ళీ చెయ్" అని టైప్ చేసి పెట్టేస్తారు. పిల్ల రబ్బరు తీసుకుని అన్నీ చెరిపేసి మళ్ళీ అదే పద్ధతిలో చేస్తుంది, మళ్ళీ అదే తప్పొస్తుంది, ఇంక ఏడుపు. మళ్ళీ చెయ్యమంటే తనకి తెలిసిన పద్ధతిలోనే గదా చేస్తుంది, తనకి తెలిసిందే తేడాగా ఉంటే ఎన్నిసార్లు చేస్తే ఏం లాభం.

అన్ని లెక్కల గురించీ చెప్పను, రెండు మూడు క్లాసుల్లో ఎక్కువగా ఇబ్బంది పెట్టే అప్పు తెచ్చుకునే తీసివేతల గురించి మాత్రమే చెప్తా. ఇది ఒకటి పట్టుకోవడం వచ్చిందంటే మిగతావి కూడా ఎట్టా చూడాలో మీకే తెలుస్తుంది.

ముందు ఫోటో సరిగ్గా తీయించండి

పుస్తకం నేల మీద, గడప దగ్గర వెలుతురు పడే చోట పెట్టి, ఫోన్ నిటారుగా పైన పట్టుకుని తీయమనండి. మంచం మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుని తీస్తే పేజీ వంగి మధ్య మడతలో ఉండే అంకెలు మింగేస్తుంది, ట్యూబ్‌లైట్ కింద అయితే ఫోన్ పట్టుకున్న చెయ్యి నీడే పడుతుంది. పంపేటప్పుడు పైన HD అనే గుర్తు నొక్కి పంపితే జూమ్ చేసినా అంకెలు చెదరవు. ఎందుకింత చెప్తున్నానంటే మనం చూడాల్సింది ఆన్సర్ కాదు, అంకెల పక్కన పెన్సిల్‌తో రాసే బుల్లి 1, కొట్టేసిన గీత, ఇట్టాంటివి, అవి మసగ్గా ఉంటే మనకి పనికొచ్చేది ఏమీ మిగలదు.

ఇంకో ఫోటో కూడా అడగండి, టెక్స్ట్‌బుక్‌లోనో బోర్డు మీద నుంచి రాసుకున్న రఫ్‌లోనో ప్రశ్న ఉంటుంది గదా, అది. కొన్నిసార్లు 71ని 17 అని దించుకుంటారు, అప్పుడు లెక్క మొత్తం కరెక్ట్‌గానే చేసుంటారు, దించుకోవడంలోనే పోయింది. దానికి తీసివేత పాఠం చెప్తే పాప బిక్కమొహం వేస్తుంది.

ఇంట్లో ఒక రూల్ పెట్టండి, లెక్కల పుస్తకంలో రబ్బరు వాడకూడదు, తప్పయితే ఒక గీత కొట్టి కింద మళ్ళీ రాయాలి. పేజీ నీట్‌గా లేదని అవ్వ గొణిగినా పర్లేదు. చెరిపేసిన తప్పు ఎవరికీ కనపడదు, మీకూ కనపడదు, రేపు స్కూల్లో టీచర్‌కీ కనపడదు.

ఒక పేజీ చూద్దాం

మూడో క్లాసు పాప పంపిన పేజీ ఇట్టా ఉంది అనుకోండి:

```
1)  68 - 25 = 43
2)  52 - 27 = 35
3)  84 - 36 = 58
4)  90 - 40 = 50
5)  71 - 19 = 62
6) 305 - 148 = 257
```

ఆరు లెక్కల్లో నాలుగు తప్పు. ఒకటోది, నాలుగోది కరెక్ట్, ఆ రెండిట్లో అప్పు అవసరమే లేదు. ఇది చూడగానే మనసులో రాసుకోండి: పాపకి తీసివేత వచ్చు, అప్పు దగ్గరే ఏదో జరుగుతోంది.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి, ఇదే అసలు కిటుకు. తప్పయిన ప్రతి లెక్కకీ కరెక్ట్ ఆన్సర్ పక్కన రాసుకుని, పాప ఆన్సర్‌కీ దానికీ తేడా ఎంతో చూడండి. రెండోది 25 రావాలి, 35 వచ్చింది, తేడా 10. మూడోది 48 రావాలి, 58 వచ్చింది, మళ్ళీ 10. ఐదోది 52కి బదులు 62, మళ్ళీ 10. ఆరోది 157 రావాలి, 257 వచ్చింది, తేడా సరిగ్గా వంద. చూశారా, పాప నాలుగు తప్పులు చేయలేదు, ఒకే తప్పు నాలుగుసార్లు చేసింది. పక్క స్థానం నుంచి పది తెచ్చుకుంటోంది గానీ, ఇచ్చినోళ్ళ దగ్గర ఒకటి తగ్గించడం లేదు. మూడో లెక్కలో 4లోంచి 6 పోదు, అప్పు తెచ్చుకుని 14 చేసింది, 14లోంచి 6 పోతే 8, ఇది కరెక్టే. తర్వాత పదుల స్థానంలో 8 అట్నే ఉంచేసి 8లోంచి 3 తీసేసి 5 రాసింది. ఆ 8 అప్పటికే 7 అయ్యుండాలి.

ఫోటో జూమ్ చేస్తే దీనికి సాక్ష్యం కూడా దొరుకుద్ది. 4 పక్కన బుల్లి 1 ఉంటుంది, 8 మీద గీత ఉండదు. ఎందుకు కొట్టలేదో కూడా చాలాసార్లు ఫోటోలోనే ఉంటుంది, గళ్ళ నోట్సులో పేజీ ఆదా చేద్దామని లెక్క కింద లెక్క అతికించి రాసుంటారు, 8 పైన 7 రాసుకునే దానికి చోటే ఉండదు, పై లెక్క ఆన్సర్ దానికి తగులుతుంటుంది. పాపకి తెలియక కాదు, చోటు లేక మనసులో పెట్టుకుంది, పెట్టుకున్నది మర్చిపోయింది. అందుకే ప్రతి లెక్క పైన ఒక వరుస గళ్ళు ఖాళీగా వదలమని చెప్పండి, కొందరికి ఈ ఒక్క మార్పుతోనే సగం తప్పులు ఆగిపోతాయి.

తొందరపడి ఇదే తప్పు అని తేల్చేయొద్దు

ఈ పేజీలో 52 − 27 = 35 ఒక్కటే ఉందనుకోండి, మిగతావి లేవు. అప్పుడు పాప ఏం చేసిందో మీరు చెప్పలేరు, ఎందుకంటే 35 రెండు దార్లలో వస్తుంది. ఒకటి ఇప్పుడు చెప్పుకున్నదే, 12లోంచి 7 పోతే 5, 5లోంచి 2 పోతే 3. రెండోది, అప్పు జోలికే పోకుండా "పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి" అని 7లోంచి 2 తీసేయడం, అప్పుడూ 5 వస్తుంది. ఈ రెండో తప్పు పిల్లల్లో చాలా ఎక్కువ. ఒకటో క్లాసులో వాళ్ళకి మనమే చెప్పుంటాం, చిన్నదాంట్లోంచి పెద్దది తీయకూడదు అని, వాళ్ళు దాన్నే పట్టుకుని పైనున్నదా కిందున్నదా చూడకుండా ఏది పెద్దదైతే దాంట్లోంచి చిన్నది తీసేస్తారు. వాళ్ళ లెక్క ప్రకారం అది న్యాయమే.

రెండూ వేరే వేరే జబ్బులు, మందులూ వేరు. అందుకని ఇంకో లెక్క ఇచ్చి చూడాలి, అది కూడా చూసి ఇవ్వాలి. 73 − 48 ఇచ్చారంటే మళ్ళీ ఇరుక్కుంటారు, 13లోంచి 8 పోయినా 5, 8లోంచి 3 పోయినా 5, రెండు దార్లలోనూ 35 వస్తుంది. ఒకట్ల స్థానంలో పైఅంకెకీ కిందఅంకెకీ తేడా సరిగ్గా 5 ఉన్నప్పుడల్లా ఇట్టా అవుతుంది, అట్టాంటి లెక్క ఇవ్వొద్దు. 62 − 38 ఇవ్వండి. కరెక్ట్ ఆన్సర్ 24. పాప 34 అంటే అప్పు తెచ్చుకుని తగ్గించడం మర్చిపోయినట్టు, 36 అంటే పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసినట్టు. ఇచ్చేముందే "ఈ పిల్ల 34 అంటుంది" అని మనసులో అనుకుని ఇవ్వండి, అదే వచ్చిందంటే మీరు తప్పుని పట్టుకున్నట్టే.

మన పేజీలో అయితే మూడో లెక్కే తేల్చేసింది, పెద్దదాంట్లోంచి చిన్నది తీసే పిల్ల అయితే 84 − 36కి 52 రాసేది, 58 కాదు.

ఇట్టా తప్పుల్లో ఒక క్రమం ఉంటుంది, పిల్లలు నోటికొచ్చింది రాయరు అన్న సంగతిని అమెరికాలో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లోనే వివరంగా రాశారు, వాళ్ళు ఎక్కువగా చూసింది కూడా ఈ తీసివేతలనే.

తేడా 1 మాత్రమే వస్తే అది వేరే సంగతి. 14లోంచి 6 తీసేటప్పుడు వేళ్ళ మీద 14, 13, 12, 11, 10, 9 అని 14ని కూడా కలిపి ఎంచేసి 9 అంటారు. పద్ధతి బాగానే ఉంది, ఎంచడం ఒక అడుగు ముందే మొదలైంది, "14 తర్వాత నుంచి ఎంచు, 13 ఒకటి, 12 రెండు" అని చెప్తే చాలు. తేడాలు ఒక్కోదానికి ఒక్కోరకంగా, ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉంటే పిల్ల అలిసిపోయిందో టీవీ చూస్తా చేసిందో అయ్యుంటది, ఆ రాత్రికి వదిలేయండి.

ఇప్పుడు చెప్పడం

ఫోటో మీద పెన్నుతో గీసి పంపొచ్చు, వాట్సాప్‌లో ఫోటో తెరిచి ఎడిట్‌కి పోతే పెన్ను గుర్తు ఉంటుంది. ఎర్ర రంగు వద్దు, ఆకుపచ్చో నీలమో తీసుకోండి. ఇంటూ మార్కులు కూడా వద్దు. ముందు కరెక్ట్ అయిన వాటికి టిక్ పెట్టండి, ఒకటి, నాలుగు. తర్వాత తప్పయిన లెక్కల్లోకి పోయి, 58లో 8కి టిక్ పెట్టండి, 62లో 2కి టిక్ పెట్టండి. ఎందుకంటే అవి నిజంగానే కరెక్ట్, పైగా లెక్కలో కష్టమైన భాగం అదే, 4లోంచి 6 పోదని గుర్తించడం, పది తెచ్చుకోవడం. పాపని మంచి చేసుకునే దానికి పెట్టే టిక్ కాదిది, తప్పు ఏ స్థానంలో ఉందో కూడా ఈ టిక్కే చెప్తుంది. మొత్తం లెక్కకి ఇంటూ కొడితే తనకి ఆ వచ్చిన భాగం మీద కూడా అనుమానం వచ్చేస్తుంది, రేపు దాన్ని కూడా మార్చేస్తుంది.

నాలుగూ ఒకేసారి చెప్పొద్దు. మూడో లెక్క ఒకటే తీసుకోండి, రెండోది వద్దు, ఇందాక చెప్పిన 35 గోల ఉంది దాంట్లో. తర్వాత ఫోన్ చేయండి. ఈ పని టైపింగ్‌తో కాదు.

ఇంట్లో చిల్లర ఉంటుంది గదా, పది రూపాయల నోట్లు ఎనిమిది, రూపాయి బిళ్ళలు నాలుగు ముందు పెట్టుకోమనండి. నోట్లు లేకపోతే కాగితం ముక్కల మీద 10 అని రాసుకున్నా సరిపోద్ది. మాట్లాడేది ఇట్టా ఉండొచ్చు:

"తల్లీ, నీ దగ్గర ఎంతుంది?"
"ఎనభై నాలుగు."
"నాకు ముప్పై ఆరు ఇవ్వాలి. ముందు ఆరు రూపాయలు ఇవ్వు, బిళ్ళలే ఇవ్వాలి."
"నాలుగే ఉండాయి నాన్నా."
"మరెట్టా?"
"అంగడికి పొయ్యి చిల్లర తెచ్చుకుంటా."
"సరే, అవ్వే అంగడి. ఒక నోటు ఇచ్చి పది బిళ్ళలు తెచ్చుకో. ఇప్పుడు బిళ్ళలెన్ని?"
"పద్నాలుగు."
"నోట్లెన్ని?"

ఇక్కడ ఆగండి. మీరు చెప్పొద్దు. పిల్ల చేతిలో ఉన్న నోట్లు ఎంచుకుని "ఏడు" అంటుంది, అంటానే చాలామందికి అక్కడే వెలుగుద్ది, "ఓ, నేను ఎనిమిది పెట్టుకున్నా" అని తనే అంటుంది. అనకపోతే మీరు అడగండి, "మరి నీ పుస్తకంలో 8 ఎంతగా ఉంది?" అని. తప్పు అన్న మాట వాడకుండానే పనైపోద్ది. తర్వాత పుస్తకంలో 8 మీద గీత కొట్టి పైన 7 రాయమనండి, బుల్లి 1 రాసేముందే ఈ గీత కొట్టాలి, ఇది ముఖ్యం. ముందు నోటు అంగడికి ఇస్తేనే గదా బిళ్ళలొచ్చేది, రాయడం కూడా ఆ వరుసలోనే ఉంటే మర్చిపోయే ఛాన్స్ తగ్గుద్ది.

ఆ తర్వాత ఐదోది, 71 − 19, నోట్లు లేకుండా పుస్తకంలోనే చేయమనండి, మీరు మాట్లాడకుండా లైన్‌లో ఉండండి. రెండోది కూడా తనే చేసుకోవచ్చు. మధ్యలో "అదిగో మళ్ళీ" అని అందుకోవద్దు, పూర్తయ్యాక సరిచూసుకోమనండి. ఎట్టా సరిచూడాలంటే, వచ్చిన ఆన్సర్‌కి తీసేసినదాన్ని కలపాలి, పైనున్న సంఖ్య మళ్ళీ రావాలి. 58 + 36 కలిపితే 94, పైన ఉన్నది 84, పోయింది. 48 + 36 కలిపితే 84, వచ్చింది. ఇది నేర్పితే రేపటి నుంచి ఫోటో పంపకముందే సగం తప్పులు తనే పట్టుకుంటుంది, మీరు తప్పన్నారన్న బాధ కూడా ఉండదు, కూడికే చెప్పింది గదా.

సున్నా ఉన్న లెక్క మర్నాడు

305 − 148 అదే రాత్రి పెట్టొద్దు, అది రెండు మెట్ల లెక్క. మర్నాడు మూడు వంద నోట్లు, ఐదు బిళ్ళలు పెట్టండి (వందలకి కాగితాలే పెట్టుకోండి), పది నోట్లు ఒక్కటి కూడా లేవు. ఎనిమిది బిళ్ళలు కావాలి, ఐదే ఉండాయి, పది నోటు మారుద్దామంటే లేదు. అందుకని ముందు వంద నోటు ఒకటి మార్చుకోవాలి, ఇప్పుడు వందలు 2, పదులు 10. ఆ పదిలోంచి ఒకటి మార్చుకుంటే పదులు 9, బిళ్ళలు 15. 15లోంచి 8 పోతే 7, 9లోంచి 4 పోతే 5, 2లోంచి 1 పోతే 1, మొత్తం 157.

పాప 257 రాసిందంటే సున్నాని 9 చేయాలన్నది క్లాసులో విని గుర్తుపెట్టుకుంది, ఆ 9 యాడ నుంచి వచ్చిందో గుర్తులేదు, 3ని అట్నే వదిలేసింది. "సున్నా వస్తే 9 చెయ్" అని గుడ్డిగా చెప్పడం నాకు అందుకే నచ్చదు, కొన్నాళ్ళు పని జరుగుద్ది, తర్వాత ఇట్టా బయటపడుద్ది. ఇదే లెక్కకి 67 వస్తే వేరే తప్పు, ఒకట్లకి పది కావాలని వందల దగ్గరికే నేరుగా పొయ్యి 3ని 2 చేసింది, మళ్ళీ పదులకి కావాలని 2ని 1 చేసింది, వంద నోటు ఇచ్చి పది బిళ్ళలే తెచ్చుకున్నట్టు. ఆ పిల్లకి "వంద మారిస్తే ఎన్ని పదులొస్తాయి" అన్న దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

పెద్దదాంట్లోంచి చిన్నది తీసే పిల్లలకయితే ఈ గీత కొట్టే గొడవ ఇప్పుడే వద్దు. వాళ్ళకి ముందు చీపురు పుల్లలు పదేసి రబ్బర్ బ్యాండ్ వేసి కట్టలు కట్టించి, ఆరు కట్టలు రెండు పుల్లలు చేతికిచ్చి "ముప్పై ఎనిమిది పుల్లలు నాకివ్వు" అనాలి. రెండు పుల్లల్లోంచి ఎనిమిది ఇవ్వలేక ఒక కట్ట విప్పేదాకా ఊరికే కూర్చోండి. విప్పిన తర్వాతే పుస్తకం తీయండి.

రెండు రోజులాగి చూసే దానికి మూడు లెక్కలు పంపండి: 92 − 38, 406 − 159, 87 − 45. మొదటిదానికి 54, రెండోదానికి 247 రావాలి. మూడోదాంట్లో అప్పు అవసరమే లేదు, 42 రావాలి, అది కావాలనే పెట్టాలి, ఎందుకంటే అప్పు బాగా నేర్చుకున్న ఊపులో పిల్లలు ప్రతి లెక్కకీ అప్పు తెచ్చేసుకుంటారు, 7ని 17 చేసి 5 తీసేసి 12 అని ఒకట్ల స్థానంలో రాసేసి, పదుల దగ్గర 3 రాసి 312 అని పంపుతారు. అట్టా వస్తే నవ్వకండి, "చేతిలో ఏడు బిళ్ళలున్నాయి, ఐదు ఇవ్వాలి, అంగడికి పోవాలా?" అని ఒక్క మాట అడగండి చాలు.